మీటింగ్ వాయిదా మెయిల్ తిరగరాయడం ఎలా: ఒంగోలు నుంచి ఒక ఉదాహరణ

మీటింగ్ వాయిదా వేయడం తప్పేమీ కాదు. వాయిదా వేస్తూ రాసే మెయిల్‌తోనే గొడవ. మనం రెండు నిమిషాల్లో రాసి పంపేస్తాం, అవతల నలుగురు రెండు రోజులు దాని చుట్టూ తిరుగుతారు. ఆ పని నేనే చేశాను కాబట్టి నా మెయిల్‌నే ముందు పెట్టుకుని, దాన్ని ఎలా తిరగరాయాలో చెబుతాను.

నేను ఒంగోలులో గ్రానైట్ వ్యాపారం చేసే ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. 2025 అక్టోబర్ 30, గురువారం సాయంత్రం 6:30కి వీడియో మీటింగ్ పెట్టుకున్నాం. ఏ బ్లాకులు అమెరికాకు పంపాలో తేల్చుకోవాలి. మీటింగ్‌లో నాతో కలిపి ఐదుగురం. చీమకుర్తి క్వారీ మేనేజర్, ఇక్కడి ఆడిటర్ గారు, నెల్లూరులో ఉండే క్లియరింగ్ ఏజెంట్, న్యూజెర్సీలో గోడౌన్ చూసుకునే మా భాగస్వామి, నేను. అందరం తెలుగువాళ్లమే, మెయిళ్లు కూడా తెలుగులోనే రాసుకుంటాం.

28వ తేదీ రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. ఆ వానలకు క్వారీ గుంటలో నీళ్లు నిలిచాయి. బ్లాకుల కొలతలు పూర్తి కాలేదు, కొలతలు లేకుండా మీటింగ్ దండగ. 29 రాత్రి పది గంటలకు నేను పంపిన మెయిల్ ఇది:

> విషయం: మీటింగ్ వాయిదా
>
> అందరికీ నమస్కారం.
> అనివార్య కారణాల వల్ల రేపటి మీటింగ్ వాయిదా వేయబడినది. అసౌకర్యానికి చింతిస్తున్నాము. వచ్చే వారం మీకు ఎప్పుడు వీలవుతుందో తెలియజేయగలరు.

చూడ్డానికి మర్యాదగానే ఉంది కదా. ఏం జరిగిందో చూడండి. న్యూజెర్సీ ఆయన దాన్ని తెరిచింది 30వ తేదీ ఉదయం తొమ్మిదికి కొంచెం ముందు. "రేపటి మీటింగ్" అంటే ఆయనకు 31 అని అర్థమైంది. వేరే మీటింగేమో అనుకుని, తొమ్మిదింటికి లింకు తెరిచి ఇరవై నిమిషాలు ఒక్కడే కూర్చున్నాడు. జవాబులు ఒక్కొక్కటీ ఒక్కో దారిలో వచ్చాయి. ఆడిటర్ గారు "7, 10, 11 తప్ప ఏదైనా" అన్నారు. ఏజెంట్ "సోమ, మంగళ పోర్టులో ఉంటా" అన్నాడు. భాగస్వామి "నాకు ఉదయం ఎనిమిది దాటాక" అన్నాడు. మేనేజర్ మెయిల్ చూడనే లేదు. ఫోన్ చేస్తే, "ఏందబ్బాయ్, నేను గుంట దగ్గర మోటార్లు పెట్టించుకుంటా ఉండా, మెయిల్ ఎప్పుడు చూసేది?" అన్నాడు.

అంటే తేదీ వెతికే పని నేను చేయకుండా నలుగురికి పంచాను. మెయిల్ తిరగరాయడమంటే ఆ పనిని వెనక్కి తీసుకుని మన నెత్తిన వేసుకోవడమే. మాటల మార్పు ఆ తర్వాత సంగతి.

రాయకముందు: కుదరని రోజులు కొట్టేయండి

కాగితం మీద రాబోయే రెండు వారాల తేదీలు రాసుకోండి. ఎవరికి ఏది కుదరదో మీకు ముందే తెలిసినవి కొట్టేస్తూ రండి. చాలా వరకు ఎవరినీ అడగక్కర్లేదు. నా విషయంలో ఇలా నడిచింది.

గుంటలో నీళ్లు తోడడానికి 3వ తేదీ దాకా పడుతుందని, 4న కొలతలు తీస్తారని మేనేజర్ ఫోన్‌లో చెప్పాడు. అందుకని 4 దాకా అన్నీ పోయాయి. ఏజెంట్ చెప్పిన సోమ, మంగళవారాలు ఎలాగూ అందులోనే కలిసిపోయాయి. 5, బుధవారం కార్తీక పౌర్ణమి. దీపాలు పెట్టే వేళకు ఎవరినీ స్క్రీన్ ముందు కూర్చోబెట్టలేం. 7వ తేదీ టీడీఎస్ కట్టడానికి ఆఖరు, 11 జీఎస్టీఆర్-1కి ఆఖరు. ఆడిటర్ గారు చెప్పకపోయినా ఈ రెండు తేదీలు, వాటి ముందు రోజు సాయంత్రాలు అనుమానమే అనుకోవాలి. మన దగ్గర ఏ ఆడిటర్‌నైనా ఇలాంటి గడువులకు ముందు మీటింగ్‌కి పిలిస్తే వస్తారు గానీ, మనసు పోర్టల్ మీదే ఉంటుంది. ఇంకోవైపు, ఏ బ్లాకులు వెళ్లాలో 14లోపు తేలిపోవాలి. అంటే 12 దాటితే లాభం లేదు.

9 ఆదివారం, 10 ఆడిటర్ గారే వద్దన్నారు. మిగిలినవి 6, 8, 12. ఆడిటర్ గారికి 7న గడువు ఉన్నా 6 సాయంత్రం పర్వాలేదని ఆయన జవాబులోనే ఉంది, ఆయన వద్దన్నది 7, 10, 11 మాత్రమే. చూశారుగా, ఎవరినీ కొత్తగా ఏమీ అడగలేదు.

టైములు: ఇక్కడే ఎక్కువగా తప్పు జరుగుతుంది

మీ మీటింగ్‌లో అందరూ జిల్లాలోనే ఉంటే ఈ భాగం చదవకుండా దాటేయండి. అమెరికాలో ఒక్కరున్నా నిదానంగా చదవండి.

పాత మీటింగ్ సాయంత్రం 6:30కి, న్యూజెర్సీలో అప్పుడు ఉదయం 9. అదే టైము వచ్చే వారానికి పెడితే ఆయనకు ఉదయం 8 అవుతుంది. ఎందుకంటే నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. 2025లో అది నవంబర్ 2. అప్పటిదాకా మనకూ న్యూజెర్సీకీ తేడా తొమ్మిదిన్నర గంటలు, ఆ తర్వాత పదిన్నర. మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. మన గడియారం ఏడాదంతా కదలదు కాబట్టి ఈ సంగతి మనకు గుర్తుండదు. వాయిదా ఈ ఆదివారాన్ని దాటిపోతుంటే "అదే టైముకి వచ్చే వారం" అని పొరపాటున కూడా రాయకండి.

ఆయనకు సరిగ్గా తొమ్మిదే కావాలంటే మనకు రాత్రి 7:30 అవుతుంది. మేనేజర్ తెల్లారే క్వారీకి వెళ్లే మనిషి, రాత్రి 7:30కి మొదలయ్యే మీటింగ్ ఆయనకు భారం. అందుకని మధ్యలో ఆగాను. మనకు రాత్రి 7, ఆయనకు ఉదయం 8:30. ఇద్దరికీ చెరో అరగంట ఇబ్బంది. ఎప్పుడూ ఒకరే సర్దుకునేలా టైములు ఇస్తే, పైకి ఏమీ అనకపోయినా వాళ్లకు తెలిసిపోతుంది.

మూడు టైములూ ఒకే రకంగా ఉండకూడదు. గురువారం సాయంత్రం కుదరని మనిషికి బుధవారం సాయంత్రం కూడా కుదరకపోవచ్చు, పిల్లల ట్యూషనో షాపో ఏదో ఒకటి ఉంటుంది. అందుకే 8వ తేదీ శనివారానికి మాత్రం ఉదయం 7:30 పెట్టాను. న్యూజెర్సీలో అప్పటికి శుక్రవారం రాత్రి 9. రోజు మారిపోయింది చూశారా? మన ఉదయాన్ని ఆయనకు రాసేటప్పుడు వారం పేరు, తేదీ కూడా మార్చి రాయాలి. లేకపోతే శనివారం రాత్రి ఆయన లింకు తెరుస్తాడు, అప్పటికి మనకు ఆదివారం తెల్లారుతుంటుంది.

ఎన్ని టైములు ఇవ్వాలి? ఒకటే ఇస్తే అది ఆర్డరు వేసినట్టు ఉంటుంది. ఐదు ఇస్తే ఐదుగురూ ఐదు చెబుతారు. నా లెక్కలో మూడు చాలు. పంపే ముందు ఆ మూడింటినీ మీ క్యాలెండర్‌లో ఆపి పెట్టుకోండి. పంపిన రోజే వేరే పని వచ్చి అందులో ఒకటి పోతే, రెండో వాయిదా మెయిల్ రాయాల్సి వస్తుంది. అంతకన్నా తలనొప్పి లేదు.

ఎవరు లేకపోతే మీటింగ్ జరగదు?

ఇది మెయిల్‌లో రాసేది కాదు, మీరు ముందే తేల్చుకోవాల్సింది. ఐదుగురికీ కుదిరే టైము దొరకదు అనుకునే మొదలుపెట్టండి. బ్లాకుల సంగతి చెప్పాల్సింది మేనేజర్, కొనేవాళ్ల సంగతి చెప్పాల్సింది న్యూజెర్సీ ఆయన. వీళ్లిద్దరూ లేకుండా కూర్చోవడం అనవసరం. ఆడిటర్ గారి లెక్కలు ముందు రోజు మెయిల్‌లో వచ్చినా సరిపోతుంది. ఏజెంట్‌తో పని కంటైనర్ల దగ్గర మాత్రమే, అది మొదటి పావుగంటలో అయిపోతుంది. ఈ సంగతి రాస్తే ఆయనకు గంట మీటింగ్ పావుగంట మీటింగ్ అవుతుంది. వాయిదా వేసినందుకు వంద క్షమాపణలు చెప్పేకన్నా ముప్పావు గంట తిరిగి ఇవ్వడం మేలు.

ఇప్పుడు రాయండి

అక్టోబర్ 31న నేను పంపిన రెండో మెయిల్ ఇది. మొత్తం చదవండి, తర్వాత అందులో ఏది ఎందుకు మార్చానో చెబుతాను.

> విషయం: 30న ఆగిన బ్లాకుల మీటింగ్: నవంబర్ 6, 8, 12లో కుదరనివి చెప్పండి (3వ తేదీ రాత్రి 9 లోపు)
>
> అందరికీ నమస్కారం.
>
> అక్టోబర్ 30 మీటింగ్ జరగలేదు. వానకు క్వారీలో నీళ్లు నిలిచి బ్లాకుల కొలతలు ఆగిపోయాయి. 4వ తేదీకి కొలతలు వస్తాయి, 5న మీ అందరికీ పంపుతాను.
>
> మీటింగ్‌కి మూడు టైములు ఆపి ఉంచాను:
>
> 1. నవంబర్ 6, గురువారం రాత్రి 7:00 (న్యూజెర్సీ: గురువారం 6, ఉదయం 8:30)
> 2. నవంబర్ 8, శనివారం ఉదయం 7:30 (న్యూజెర్సీ: శుక్రవారం 7, రాత్రి 9:00)
> 3. నవంబర్ 12, బుధవారం రాత్రి 7:00 (న్యూజెర్సీ: బుధవారం 12, ఉదయం 8:30)
>
> వీటిలో మీకు కుదరని నంబర్లు మాత్రం నవంబర్ 3, సోమవారం రాత్రి 9 లోపు రాయండి. అన్నీ కుదిరితే జవాబు అక్కర్లేదు. ఎవరూ వద్దనకపోతే 1వది ఖాయం. సోమవారం రాత్రే ఖరారు చేసి, మిగతా రెండూ వదిలేస్తాను.
>
> మీటింగ్ ఒక గంట. కంటైనర్ల సంగతి ముందు మాట్లాడతాం, క్లియరింగ్ ఏజెంట్ గారు మొదటి 15 నిమిషాలు ఉంటే చాలు. ఆడిటర్ గారు రాలేకపోతే లెక్కలు ముందు రోజు పంపినా సరిపోతుంది.
>
> 29 రాత్రి నేను పంపిన మెయిల్‌లో తేదీ వేయలేదు. దాని వల్ల న్యూజెర్సీలో మీరు ఎదురుచూడాల్సి వచ్చింది, క్షమించండి.

విషయం లైన్‌తో మొదలుపెడదాం. "మీటింగ్ వాయిదా" అంటే ఏ మీటింగో, ఏం చేయాలో తెలియదు. కొత్త లైన్‌లో ఏది ఆగింది, ఏం అడుగుతున్నాం, ఎప్పటిలోపు అనే మూడూ ఉన్నాయి. మెయిల్ తెరవకుండానే సగం పని అయిపోతుంది. ఒక్క జాగ్రత్త. జీమెయిల్‌లో విషయం మారిస్తే పాత మెయిళ్లతో కలవకుండా కొత్త వరుస మొదలవుతుంది. కాబట్టి పాత మెయిల్ వెతుక్కునే అవసరం లేకుండా కావాల్సినవన్నీ ఇందులోనే ఉండాలి. పాత తేదీనే విషయంలో మోసుకు తిరిగే మెయిల్ కన్నా ఇదే నయం.

"అనివార్య కారణాల వల్ల" తీసేశాను. ఆ మాట చూడగానే ఏదో దాస్తున్నారనిపిస్తుంది. కారణం ఒక్క వాక్యంలో చెప్పండి. రెండో వాక్యం, ఆ కారణం ఎప్పటికి తీరుతుందో చెప్పాలి. నిజానికి వాళ్లకు కావాల్సింది ఈ రెండోదే, మళ్లీ వాయిదా పడుతుందా లేదా అని. కారణం సొంత విషయమైతే వివరాలు అక్కర్లేదు, "ఇంట్లో ఆసుపత్రి పని పడింది" అంటే సరిపోతుంది.

"వాయిదా వేయబడినది" అన్నది ఎవరూ మాట్లాడని తెలుగు. వేసింది నేను, కాబట్టి "జరగలేదు", "ఆపి ఉంచాను", "ఖరారు చేస్తాను" అని రాశాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" సంగతైతే చెప్పక్కర్లేదు, ఒంగోలు స్టేషన్లో ఆ మాట వినిపిస్తే రైలు ఎప్పుడొస్తుందో తెలియదని అర్థం. క్షమాపణ చెప్పాల్సింది జరిగిన నష్టానికి, అది ఎవరికి జరిగిందో వాళ్లకి. అది మెయిల్ చివర పెట్టాను. మొదట్లో పెడితే తేదీలు కిందికి పోతాయి, ఫోన్‌లో చదివేవాళ్లకు అసలు విషయం కనిపించదు.

"రేపు", "ఎల్లుండి", "వచ్చే గురువారం" ఒక్కటీ లేవు. శుక్రవారం రాసిన మెయిల్‌లో "వచ్చే గురువారం" అంటే 6 అనుకునేవాళ్లు ఉంటారు, 13 అనుకునేవాళ్లూ ఉంటారు. తేదీ, వారం రెండూ రాస్తే ఒకటి తప్పు పడినా రెండోది పట్టిస్తుంది. అలాగే "7 గంటలకు" అని వదిలేయకుండా ఉదయమో రాత్రో వేయండి.

ఈ మెయిల్‌లో అన్నిటికన్నా పనికొచ్చిన మార్పు ఒకటే. "మీకు ఏది కుదురుతుంది" అని అడగకుండా "కుదరనివి చెప్పండి" అని అడిగాను. కుదిరేది అడిగితే ఒక్కొక్కరు తమకు నచ్చింది ఒకటి చెబుతారు, మనం మళ్లీ వాళ్లను కలపాలి. కుదరనివి అడిగితే కొట్టివేతలు మాత్రమే వస్తాయి, చివర మిగిలిందే మీటింగ్. జవాబు రాయని మనిషి వల్ల పని ఆగదు కూడా. అయితే మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటానని మెయిల్‌లో ముందే రాసి ఉండాలి. రాయకుండా అలా అనుకుంటే అది దబాయింపు.

గడువు సోమవారం సాయంత్రం 5 అని పెట్టబోయి మార్చాను. అప్పటికి న్యూజెర్సీలో ఉదయం 6:30. ఆయన సోమవారం ఆఫీసుకు వచ్చి మెయిల్ చూసే సమయం ఇవ్వాలి కదా. రాత్రి 9 అంటే ఆయనకు ఉదయం 10:30.

మెయిల్ చూడని మనిషికి

మేనేజర్ లాంటివాళ్లకు వాట్సాప్‌లో రెండు లైన్లు పెట్టండి: "అన్నా, బ్లాకుల మీటింగ్ 6 గురువారం రాత్రి 7, లేదా 8 శనివారం ఉదయం 7:30, లేదా 12 బుధవారం రాత్రి 7. కుదరనిది ఉంటే సోమవారం రాత్రి 9 లోపు చెప్పు, లేకపోతే గురువారమే." మెయిల్‌లో "గారు" అని ఉన్న మనిషిని ఇక్కడ "అన్నా" అనొచ్చు. తేదీలు మాత్రం ఒక్క అక్షరం మారకూడదు. గ్రూపులో పెట్టకండి, అక్కడ ఇంకెవరో నాలుగో తేదీ చెబుతారు, చర్చ రెండు చోట్ల నడుస్తుంది.

నాలుగో తేదీ మెయిల్‌లోనూ రావచ్చు. చెప్పింది తప్పనిసరిగా ఉండాల్సిన ఇద్దరిలో ఒకరైతే ఫోన్ చేసి మాట్లాడండి. మిగతావాళ్లయితే "మీ లెక్కలు ముందు పంపండి, మీటింగ్‌లో తేలింది ఆ రాత్రే రాస్తాను" అని జవాబివ్వండి. మూడూ కొట్టుకుపోతే మాత్రం ఇంకో మూడు తేదీలతో మెయిల్ పెట్టకండి. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి, అక్కడికక్కడే ఒకటి ఖాయం చేసి, మిగతావాళ్లకు చెప్పేయండి.

ఖరారు చేసిన రాత్రి

నాకు రెండే జవాబులు వచ్చాయి. న్యూజెర్సీ నుంచి "3 కుదరదు", నెల్లూరు నుంచి "2 కుదరదు". మిగిలింది 1. మేనేజర్ నుంచి ఏమీ రాలేదు. ఆయన లేకుండా మీటింగే లేదు కాబట్టి మౌనాన్ని నమ్మకుండా ఫోన్ చేశాను. "నేనేం రాయలేదంటే ఓకే అనే గదా నువ్వు పెట్టింది?" అన్నాడు.

క్యాలెండర్‌లో పాత 30వ తేదీ మీటింగ్‌ను తీసేసి కొత్తది పెట్టలేదు, దాని తేదీనే మార్చాను. లింకు అదే ఉంటుంది, ఎవరి ఫోన్‌లో వాళ్ల ఊరి టైము కనిపిస్తుంది. తర్వాత చివరి మెయిల్ పంపాను:

> నవంబర్ 6, గురువారం రాత్రి 7:00 ఖాయం (న్యూజెర్సీ: గురువారం ఉదయం 8:30). లింకు పాతదే. 8వ తేదీ ఉదయం, 12వ తేదీ రాత్రి ఇక ఆపి ఉంచక్కర్లేదు, మీ పనులు పెట్టుకోండి.

ఆ చివరి వాక్యం చాలామంది రాయరు. అది అందని మనిషి 12 సాయంత్రం కూడా ఖాళీగా ఉంచుకుని కూర్చుంటాడు. ఆడిటర్ గారు పది నిమిషాల్లో జవాబు పెట్టారు: "12 వదిలేశారు కదా, ఆ టైము వేరే క్లయింటుకి ఇచ్చేశా."